‘జాయిన్’ అనాలా, ‘జాయిన్స్’ అనాలా?

*నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో ఉత్తరాలు టైపు చేస్తుంటాను. మా దగ్గర చదివిన ఒకమ్మాయికి పీజీ సీటు కోసం ‘ఐ రికమెండ్ దట్ షీ జాయిన్స్ యువర్ డిపార్ట్‌మెంట్’ అని టైపు చేస్తే, ప్రిన్సిపాల్ గారు ‘జాయిన్స్’ చివరి ‘ఎస్’ కొట్టేశారు. ‘షీ’ తర్వాత ‘ఎస్’ రావాలని ఆరో తరగతి నుంచి నేర్చుకున్నాను కదా! కామర్స్ లెక్చరర్ గారేమో ‘షుడ్ జాయిన్’ అని రాయాలంటారు. ఇక ఫీజుల ఉత్తరాల్లో ‘ఇన్సిస్ట్’, ‘సజెస్ట్’ వస్తే చాలు, నాకు టెన్షన్. ఎవరి మాట సరైనది? ఎక్కడ ‘ఎస్’ తీసేయాలో గుర్తుపట్టే దారి ఏమైనా ఉందా?*

*— ఒక పాఠకురాలు, రాజోలు*

అమ్మా, మీ ప్రిన్సిపాల్ గారు కొట్టేసింది సరిగ్గానే కొట్టేశారు. కామర్స్ లెక్చరర్ గారు చెప్పిందీ తప్పు కాదు. మీ ఆరో తరగతి సూత్రం కూడా నిజమే. కాకపోతే ఆ సూత్రం జరిగే సంగతిని చెప్పే వాక్యాలకే. మీ ఉత్తరంలో ఉన్నది జరిగే సంగతి కాదు, జరగాలని మీరు కోరుతున్న సంగతి.

ఈ తేడా తెలుసుకోవడానికి ఇంగ్లీషు దాకా వెళ్ళక్కర్లేదు, మన తెలుగులోనే ఉంది. ‘ఆమె రోజూ కాలేజీకి వస్తోందని రాశాను’ అన్నామనుకోండి. అది ఉన్న సంగతి చెప్పడం. ‘ఆమె రోజూ కాలేజీకి రావాలని రాశాను’ అన్నామనుకోండి. ఆమె వస్తోందో లేదో ఆ వాక్యం చెప్పడం లేదు, రావడం మన కోరిక. ఇప్పుడు ఆ రెండు క్రియల తోకలు చూడండి. మొదటిది మనిషిని బట్టి మారుతుంది: ఆమె వస్తోంది, అతను వస్తున్నాడు, వాళ్ళు వస్తున్నారు. రెండోది ఎవరికైనా ఒకటే: నేను రావాలి, ఆమె రావాలి, వాళ్ళు రావాలి. కాలాన్ని బట్టి కూడా మారదు. రావాలని రాస్తున్నాను, రావాలని రాశాను, రావాలని రాస్తాను. చివరి మాట మారుతోంది గానీ ‘రావాలి’ కదలడం లేదు.

ఇంగ్లీషులో ‘ఎస్’ లేని ఆ ‘జాయిన్’ సరిగ్గా మన ‘చేరాలి’ లాంటిది. దానికి మనిషితోనూ కాలంతోనూ పని లేదు. ఐ జాయిన్, షీ జాయిన్, దే జాయిన్, అన్నీ ఒకటే. పోయినేడాది సంగతి రాస్తున్నా ‘ఐ రికమెండెడ్ దట్ షీ జాయిన్’ అనే రాయాలి. ముందు ‘రికమెండెడ్’ ఉంది కదా అని ‘జాయిన్డ్’ రాస్తే తప్పు. వ్యాకరణంలో దీన్ని సబ్జంక్టివ్ అంటారు. పేరు గుర్తులేకపోయినా మీ పనికి అడ్డం రాదు.

ఇదేదో ఆఫీసు ఉత్తరాల కోసం పుట్టించిన రూపం అనుకోకండి. మన ఊళ్ళలో చర్చి నుంచి బయటికొస్తూ ‘గాడ్ బ్లెస్ యూ’ అనుకుంటారు కదా. అక్కడ ‘గాడ్ బ్లెసెస్ యూ’ అని ఎవరూ అనరు. ‘బ్లెసెస్’ అంటే దేవుడు దీవిస్తున్నాడని వార్త చెప్పినట్టు. ‘బ్లెస్’ అంటే దీవించు గాక అని కోరుకున్నట్టు. పాత ఇంగ్లీషులో ఇలాంటి కోరికలకు వేరే క్రియారూపాలే ఉండేవి. అవి అరిగి అరిగి, ఇప్పుడు రావాల్సిన చోట ‘ఎస్’ రాకపోవడమే వాటి గుర్తుగా మిగిలింది.

కాబట్టి టైపు చేసేముందు ఆ వాక్యాన్ని తెలుగులో ఒకసారి అనుకోండి. ‘చేరాలని, కట్టాలని, ఇవ్వాలని’ అని వస్తే ఇంగ్లీషులో క్రియను ఏ తోకా లేకుండా రాయండి. ‘చేరిందని, కట్టాడని, ఇస్తున్నారని’ అని వస్తే మామూలుగా, కాలాన్నీ మనిషినీ చూసి రాయండి.

మీరు ‘జాయిన్స్’ గురించి బాధపడ్డారు గానీ, నిజానికి ‘రికమెండ్’ దగ్గర ఆ తప్పు వల్ల పెద్ద నష్టం లేదు. ‘రికమెండ్’కి సిఫార్సు చేయడం అన్న ఒక్క అర్థమే కాబట్టి, ‘ఎస్’ ఉన్నా చదివేవాళ్ళు సంగతి గ్రహిస్తారు. బ్రిటన్‌లో అచ్చయ్యే రాతల్లో కూడా అక్కడక్కడా ‘జాయిన్స్’ అన్న తీరు కనిపిస్తుంది. అసలు ప్రమాదం ‘ఇన్సిస్ట్’ దగ్గర ఉంది. అది నాకు అనుభవం మీద తెలిసింది.

పాతికేళ్ళ కిందటి మాట. అప్పుడు పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో ఇంగ్లీషు టీచరుగా ఉండేవాణ్ణి. ఊరి చేలల్లో నీళ్ళన్నీ దిగాల్సిన మురుగు డ్రెయిన్ గుర్రపుడెక్కతో నిండిపోయి, పైన నడిచి వెళ్ళొచ్చేమో అన్నట్టు ఉండేది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు డ్రెయిన్ బాగు చేయించకపోతే సార్వా నాట్లు ముంపులో పోతాయి. రైతులు నా దగ్గరికి వచ్చి, పై ఆఫీసుకు ఇంగ్లీషులో గట్టిగా ఒక అర్జీ రాసిపెట్టమన్నారు. గట్టిగా అన్నారు కదా అని ‘ఇన్సిస్ట్’ వాడాను. నేను రాసిన వాక్యం ఇదీ: ‘వుయ్ ఇన్సిస్ట్ దట్ ద డ్రెయిన్ ఈజ్ క్లియర్డ్ ఎవ్రీ సమ్మర్.’

ప్రతి వేసవిలోనూ డ్రెయిన్ శుభ్రం చేయించాలని పట్టుబడుతున్నాం. నేను చెప్పదలచుకున్నది అది. ఆ కాగితం మీద పడింది మాత్రం, ప్రతి వేసవిలోనూ డ్రెయిన్ శుభ్రం చేస్తూనే ఉన్నారని మేం నొక్కి చెబుతున్నాం అని. నెల తర్వాత జవాబు వచ్చింది. డ్రెయిన్ ఏటా శుభ్రమవుతోందని అర్జీదారులే రాశారు కాబట్టి ఇప్పుడు చేపట్టాల్సిన పని ఏమీ లేదని అందులో ఉంది. వాళ్ళు కావాలనే అలా చదివారా అన్నది నాకు అనవసరం. అలా చదవడానికి నా వాక్యం చోటిచ్చింది. ఆ సార్వాలో ఊరి పల్లపు చేలు మునిగాయి. రైతులెవరూ నన్నేమీ అనలేదు. రెండో అర్జీలో ‘ఈజ్ క్లియర్డ్’ తీసేసి ‘బి క్లియర్డ్’ అని రాశాను.

చూశారా, ‘ఈజ్’ ఉంటే సాక్ష్యం, ‘బి’ ఉంటే డిమాండ్. ఎందుకంటే ‘ఇన్సిస్ట్’ అన్న ఒక్క మాటకు తెలుగులో రెండు మాటలున్నాయి. ఒకటి పట్టుబట్టడం, రెండోది నొక్కి చెప్పడం. పట్టుబడితే క్రియకు తోక ఉండదు. నొక్కి చెబితే మామూలు కాలం వస్తుంది. మీ ఫీజుల ఉత్తరాల్లో ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి రావచ్చు. తండ్రి ఫీజు కట్టేశానని బల్లగుద్ది చెబుతున్నాడు, మీ ఆఫీసేమో రసీదు చూపించాలని పట్టుబడుతోంది అనుకుందాం. మొదటిది ‘ద ఫాదర్ ఇన్సిస్ట్స్ దట్ హి హాజ్ పెయిడ్ ద ఫీ’. రెండోది ‘వుయ్ ఇన్సిస్ట్ దట్ హి షో ద రిసీట్’. ఇక్కడ ‘షోస్’ అని పడిందంటే, ఆయన రసీదు చూపిస్తూనే ఉంటాడని మీ కాలేజీయే ఒప్పుకున్నట్టు చదవొచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. ‘దే’, ‘యూ’, ‘స్టూడెంట్స్’ లాంటి మాటలకు ఎలాగూ ‘ఎస్’ రాదు కాబట్టి రెండు రూపాలూ ఒకేలా కనిపిస్తాయి. ‘వుయ్ ఇన్సిస్ట్ దట్ ద స్టూడెంట్స్ పే ఇన్ టైమ్’ అంటే, పిల్లలు వేళకు కట్టాలని పట్టుబడుతున్నారా, వేళకు కడుతూనే ఉన్నారని వాదిస్తున్నారా? వాక్యం చెప్పదు. మీ కామర్స్ లెక్చరర్ గారి ‘షుడ్’ ఇలాంటి చోట నిజంగా పనికొస్తుంది. ‘షుడ్ పే’ అంటే ఇక రెండో అర్థానికి చోటుండదు.

‘సజెస్ట్’ది కూడా ఇదే తీరు. సలహా ఇవ్వడం ఒక అర్థం, సూచనగా తెలియజేయడం ఇంకో అర్థం. ‘ఐ సజెస్ట్ దట్ షీ టేక్ ద టెస్ట్ ఎగైన్’ అంటే ఆమె పరీక్ష మళ్ళీ రాయాలని నా సలహా. ‘హర్ మార్క్స్ సజెస్ట్ దట్ షీ నీడ్స్ హెల్ప్’ అంటే ఆమెకు సాయం అవసరం ఉందని మార్కులు చూస్తే తెలుస్తోంది. మార్కులు సలహా ఇవ్వలేవు కదా, అందుకని అక్కడ ‘నీడ్స్’కి ‘ఎస్’ ఉండి తీరాలి. ప్రిన్సిపాల్ గారు కొట్టేశారని భయపడి ఇలాంటి చోట కూడా ‘ఎస్’ తీసేస్తే అది కొత్త తప్పు అవుతుంది. ‘రిపోర్ట్’ అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగండి. ఒక కమిటీ రిపోర్టు వంతెన బాగు చేయించాలని సూచించవచ్చు, వంతెన బలహీనంగా ఉందనీ సూచించవచ్చు. మొదటిదానికి ‘బి రిపేర్డ్’, రెండోదానికి ‘ఈజ్ వీక్’. అప్పుడు కూడా తేల్చేది ‘చేయించాలని’, ‘ఉందని’ అన్న తెలుగు తోకలే.

మన వాళ్ళ ఉత్తరాల్లో ‘ఎస్’ కన్నా నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇంకొకటి ఉంది: ‘ఐ సజెస్ట్ హర్ టు జాయిన్’. ఇది ఎక్కడి నుంచి వస్తోందో ఊహించడం కష్టం కాదు. ‘ఆమెను చేరమని సూచిస్తున్నాను’ అని మనసులో అనుకుని ముక్కకు ముక్క దించేస్తున్నాం. తెలుగులో ‘చేరమని’ అన్నా ‘చేరాలని’ అన్నా ‘సూచిస్తున్నాను’ సరిపోతుంది. ఇంగ్లీషులో సరిపోదు. ‘చేరమని’ అన్న తీరుకు అడ్వైజ్, ఆస్క్, రిక్వెస్ట్ లాంటివి సరిపోతాయి: ‘ఐ అడ్వైజ్డ్ హర్ టు జాయిన్.’ ‘సజెస్ట్’, ‘ఇన్సిస్ట్’ మాత్రం ‘చేరాలని’ తీరునే ఒప్పుకుంటాయి. కాబట్టి ఆ రెండింటికీ మనసులో ‘చేరమని’ వస్తే దాన్ని ‘చేరాలని’గా మార్చుకుని అప్పుడు టైపు చేయండి. ‘రికమెండ్ హర్ టు జాయిన్’ అన్న వాడుక కొంతమంది ఇంగ్లీషువాళ్ళ రాతల్లో ఉంది గానీ, మీరు దాని జోలికి పోకపోవడమే మంచిది.

కాదనడం ఎలా అంటే, క్రియకు ముందు ‘నాట్’ ఒక్కటే పెడితే చాలు. ‘డజ్’, ‘డూ’ అక్కర్లేదు. అమ్మాయిని హాస్టల్ మార్చవద్దని కోరాలంటే ‘వుయ్ రిక్వెస్ట్ దట్ షీ నాట్ బి మూవ్డ్’. మొదట్లో ఇది చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. నాకూ చాలాకాలం అలాగే ఉండేది. మరీ ఇబ్బంది అనిపిస్తే ‘షుడ్ నాట్ బి మూవ్డ్’ అని రాయండి, అదీ మర్యాదైన ఇంగ్లీషే.

ఈ తెలుగు కొలత అన్ని క్రియలకూ పనిచేయదు. ముందున్న క్రియ అడగడం, కోరడం, సలహా ఇవ్వడం, ఆదేశించడం లాంటిది అయితేనే పనిచేస్తుంది. సజెస్ట్, రికమెండ్, ఇన్సిస్ట్ కాకుండా రిక్వెస్ట్, డిమాండ్, ప్రపోజ్, రిక్వైర్ ఆ కోవలోవి. ‘ఇట్ ఈజ్ ఎసెన్షియల్ దట్’ అని మొదలైనా అంతే. కానీ ‘హోప్’ ఆ గుంపులోది కాదు. ఆమె చేరాలని ఆశిస్తున్నాం అని తెలుగులో అంటాం, అయినా ఇంగ్లీషులో ‘వుయ్ హోప్ దట్ షీ జాయిన్స్’ అనే రాయాలి. ఆశ పడటం అంటే ఎవరినీ ఏదీ చేయమనడం కాదు. ‘సే’ కూడా అంతే. ఆమె చేరాలని చెప్పారు అంటే ‘హి సెడ్ దట్ షీ షుడ్ జాయిన్’. అక్కడ ‘షుడ్’ తీసేయడానికి లేదు.

ఇక ‘జాయిన్’, ‘షుడ్ జాయిన్’లలో ఏది అన్న తగువు. ఇది తప్పొప్పుల తగువు కాదు, దేశాల అలవాటు. 1961లో అచ్చయిన రాతలనుంచి అమెరికా ఇంగ్లీషుకు ఒకటి, బ్రిటన్ ఇంగ్లీషుకు ఒకటి చొప్పున, ఒక్కోటి సుమారు పది లక్షల మాటలతో రెండు సంకలనాలు చేశారు. పరిశోధకులు వాటిని పోల్చి చూస్తే, ఇలాంటి వాక్యాల్లో అమెరికా వాళ్ళు ఎక్కువగా ఉత్త ‘జాయిన్’ రాశారు, బ్రిటన్ వాళ్ళు ఎక్కువగా ‘షుడ్ జాయిన్’ రాశారు. ఆ తర్వాత బ్రిటన్ కూడా కొంత ‘జాయిన్’ వైపు జరిగింది. మన ఆఫీసులకు ఇంగ్లీషు బ్రిటన్ వాళ్ళ నుంచి వచ్చింది కాబట్టి, పాత ఫైళ్ళు చూసి నేర్చుకున్నవాళ్ళకు ‘షుడ్’ సహజంగా వస్తుంది. అమెరికా యూనివర్సిటీకి రాస్తుంటే ‘జాయిన్’ అనండి. మన దగ్గర ఆఫీసులకైతే రెండింటిలో ఏదైనా పరవాలేదు. ఒకే ఉత్తరంలో ఒక తీరుకే కట్టుబడి ఉండండి చాలు. ఇందాక చెప్పిన ‘దే’, ‘స్టూడెంట్స్’ చిక్కు వచ్చిన చోట మాత్రం ‘షుడ్’ వాడటానికి సంకోచించకండి.

మీ ఉత్తరం గురించి ఒక మాట మిగిలింది. ‘ఎస్’ తీసేశాక కూడా ఆ వాక్యం నాకు పూర్తిగా నచ్చలేదు. మీరు రాస్తున్నది యూనివర్సిటీకి. ‘జాయిన్’ అనేది ఆ అమ్మాయి చేయాల్సిన పని. అమ్మాయి తండ్రికి రాస్తుంటే ‘ఐ రికమెండ్ దట్ షీ జాయిన్ ద డిపార్ట్‌మెంట్’ చక్కగా ఉంటుంది, ఎందుకంటే ఆమెను పంపాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంది. యూనివర్సిటీ చేతిలో ఉన్నది చేర్చుకోవడం. తెలుగులో అనుకోండి: ఆమె చేరాలని కాదు, ఆమెను చేర్చుకోవాలని. అది ఇంగ్లీషులో ‘ఐ రికమెండ్ దట్ షీ బి అడ్మిటెడ్’ అవుతుంది.

ఆ ‘బి’ని చూసి మళ్ళీ టెన్షన్ పడకండి. ‘ఈజ్’ రావాల్సిన చోట ‘బి’ రావడం, ‘జాయిన్స్’ రావాల్సిన చోట ‘జాయిన్’ రావడం ఒకటే సంగతి. ఆఫీసు ఉత్తరాల్లో మీకు ఎక్కువగా తగిలేది ఈ ‘బి’నే. టీసీ ఇప్పించాలని, ఫీజు మినహాయించాలని, సీటు కేటాయించాలని, అన్నీ అవతలివాళ్ళు చేయాల్సిన పనులే కదా. బి ఇష్యూడ్, బి వెయివ్డ్, బి అలాటెడ్.

మీ అమ్మాయి ఉత్తరంలో చివరి పేరా ఇలా ఉంటే బాగుంటుందని నా ఉద్దేశం. ముందు ‘హర్ మార్క్స్ సజెస్ట్ దట్ షీ ఈజ్ రెడీ ఫర్ పోస్ట్ గ్రాడ్యుయేట్ వర్క్’ అని రాయండి. అది మార్కులు చెబుతున్న సంగతి కాబట్టి ‘ఈజ్’. దాని కిందే ‘ఐ రికమెండ్ దట్ షీ బి అడ్మిటెడ్ టు యువర్ డిపార్ట్‌మెంట్’ అని రాయండి. అది మీ ప్రిన్సిపాల్ గారు కోరుతున్నది కాబట్టి ‘బి’. ఆమె హాస్టల్ సీటు కూడా అడగాలనుకుంటే ‘అండ్ దట్ షీ బి గివెన్ ఎ ప్లేస్ ఇన్ ద హాస్టల్’ అని కలిపి, కింద సంతకానికి చోటు వదలండి.